నా పాలసీకి ఎంత వచ్చిందంటే...

హిజ్లీ శాఖకు బదిలీ అయ్యిందని తెలిసినప్పుడు ఇంట్లో అందరం కాస్త దిగులు పడ్డాం. బెంగాలీ రాదు, ఊరు కొత్త. తీరా వచ్చి కౌంటర్ వెనక కూర్చున్న మొదటి వారంలోనే ఆ దిగులు పోయింది. ఖరగ్‌పూర్ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికి వచ్చిన కుటుంబాల మనుమలు, మునిమనుమలు ఇప్పుడు ఇక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో, ఐఐటీలో, చిన్న చిన్న వ్యాపారాల్లో ఉన్నారు. నేను తెలుగువాడినని తెలిశాక పాస్‌బుక్ పనికి వచ్చినవాళ్లు కూడా ఓ రెండు నిమిషాలు నిలబడి మాట్లాడి వెళతారు.

అలా 2025 నవంబరులో వచ్చాడొక కుర్రవాడు. కుర్రవాడంటే ముప్పై రెండేళ్లు. వర్క్‌షాప్‌లో టెక్నీషియన్. భార్య, నాలుగేళ్ల పాప, తల్లి ఇంట్లో ఉన్నారు. చేతిలో ఒక పొదుపు పాలసీ కాగితాలు. ఏడాదికి 60,000 చొప్పున ఇరవై ఏళ్లు కట్టాలి. మన ఖాతా నుంచి ప్రీమియం కట్ అయ్యేలా మ్యాండేట్ ఇవ్వడానికి వచ్చాడు.

"ఇది తీసుకోవచ్చా సార్? మీకూ ఇలాంటి పాలసీ ఏదైనా ఉందా?" అని అడిగాడు.

ఉండేది. 2024 ఏప్రిల్‌లో మెచ్యూర్ అయ్యింది కూడా. "ఎంతొచ్చింది సార్?" అన్నాడు వెంటనే.

ఆ ప్రశ్నకు తొమ్మిది లక్షల ముప్పై వేలని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఆ ఒక్క ముక్క విని అతను సంతకం పెడితే నేను సగమే చెప్పినట్టు. ఎందుకంటే మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. అతని బావ, అంటే అక్క భర్త, రెండేళ్ల కిందట గుండెపోటుతో పోయాడు. ఆయనకు ఏడాదికి 15,000 ప్రీమియంతో మూడు లక్షల పొదుపు పాలసీ ఉండేది. నాలుగో ఏట పోయాడు కాబట్టి బోనస్‌తో కలిపి మూడు లక్షల నలభై వేలు వచ్చాయి. ఇంటి అప్పు అప్పటికి పదకొండు లక్షలుంది. "పాలసీ ఉంది కదా అనుకున్నాం సార్" అన్నాడు. అక్క ఇంటి కిస్తీలో ఇప్పుడు సగం ఇతనే కడుతున్నాడు.

మ్యాండేట్ ఫారం పక్కన పెట్టి, సాయంత్రం నాలుగు తర్వాత రమ్మన్నాను. మర్నాడు నా పాత పాలసీ బాండు, డిశ్చార్జ్ కాగితం ఫొటోలు ఇంటి నుంచి తెప్పించుకున్నాను. ఆ రోజు మేమిద్దరం వేసుకున్న లెక్కే ఇది. మన శాఖల్లో బీమా అమ్మడమూ మన పనే కాబట్టి ఈ లెక్క మనకు రావాలని రాస్తున్నాను.

నా బాండులో ఉన్న అంకెలు

నాకు ముప్పై ఏళ్లప్పుడు, 2004 ఏప్రిల్‌లో తీసుకున్న ఎండోమెంట్ పాలసీ అది. బీమా మొత్తం 5,00,000. గడువు 20 ఏళ్లు. ఏడాది ప్రీమియం 24,500. చివరి ప్రీమియం 2023 ఏప్రిల్‌లో కట్టాను. మొత్తం కట్టింది 4,90,000. 2024 ఏప్రిల్‌లో చేతికి వచ్చింది 9,30,000. అందులో 5,00,000 అసలు బీమా మొత్తం, మిగతా 4,30,000 ఏటేటా జమైన బోనస్, చివర్లో ఇచ్చిన అదనపు బోనస్ కలిపి. ప్రీమియం మీద మధ్యలో వచ్చిన పన్నులను లెక్క తేలిక కోసం వదిలేశాను. అవి కలిపితే నా రాబడి ఇంకొంచెం తగ్గుతుందే తప్ప పెరగదు.

ఈ అంకెలు చూడగానే ఎవరైనా అనేది ఒకటే: దాదాపు రెట్టింపు! ఇంకాస్త ఆలోచించేవాళ్లు 4,40,000 లాభాన్ని 4,90,000తో భాగించి, 90 శాతం వచ్చింది, ఇరవై ఏళ్లకు పంచితే ఏడాదికి నాలుగున్నర శాతం అంటారు. రెండూ తప్పే. మొత్తం 4,90,000 నేను మొదటి రోజే ఇవ్వలేదు. మొదటి 24,500 ఇరవై ఏళ్లు కంపెనీ దగ్గర ఉంది, చివరి 24,500 ఒక్క ఏడాదే ఉంది. సగటున నా రూపాయి అక్కడ ఉన్నది పదిన్నర ఏళ్లు. అసలు రాబడి తెలియాలంటే ప్రతి కిస్తీని అది ఉన్న కాలంతో కలిపి చూడాలి. ఆ పని ఎక్సెల్ ఒక్క వరుసలో చేసిపెడుతుంది.

```
=RATE(20,-24500,0,930000,1)
```

20 అంటే కిస్తీల సంఖ్య. 24,500 మన చేతి నుంచి పోయేది కాబట్టి మైనస్. మధ్యలో ఉన్న సున్నా, మొదట్లో ఒకేసారి పెట్టింది ఏమీ లేదని చెబుతుంది. 9,30,000 చివర్లో వచ్చేది. చివరి 1 మరచిపోకూడదు, కిస్తీ ఏడాది మొదట్లో కడుతున్నామని అర్థం. సెల్‌లో 6% అని కనబడితే దశాంశాలు పెంచి చూడాలి. నాకు వచ్చింది 5.77 శాతం.

5.77 శాతం చెడ్డదా? ఒంటరిగా చూస్తే చెప్పలేం. ఆ ప్రీమియంలో కొంత నా ప్రాణానికి బీమా ఖర్చు కింద పోయింది. దాన్ని విడదీసి చూస్తేనే న్యాయమైన పోలిక.

అదే డబ్బును రెండు ముక్కలు చేస్తే

2004లో అదే వయసుకు, అదే ఐదు లక్షలకు, అదే ఇరవై ఏళ్లకు టర్మ్ పాలసీకి నాకు చెప్పిన ప్రీమియం ఏడాదికి 1,500. అప్పట్లో "బతికుంటే పైసా రాదట" అని నవ్వి వదిలేశాను. ఇప్పుడు అదే తీసుకున్నానని అనుకుందాం. 24,500లో 1,500 తీసేస్తే ఏడాదికి 23,000 మిగులుతుంది. దాన్ని ఏటా ఏప్రిల్ 5 లోపు పీపీఎఫ్‌లో వేశానని అనుకుందాం.

పీపీఎఫ్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే అది కూడా పొదుపు పాలసీలాగే భద్రమైనది, దీర్ఘకాలానిది, చేతికి వచ్చే డబ్బుపై పన్ను లేనిది. నా పాలసీ మెచ్యూరిటీకీ పన్ను పడలేదు. పాత పద్ధతిలో 80సి మినహాయింపు రెండింటికీ ఉంది, కొత్త పద్ధతిలో రెండింటికీ లేదు. అందుకని పన్ను సంగతి రెండు వైపులా కొట్టివేసుకోవచ్చు. షేర్ల ఫండ్లతో పోల్చితే అంకె పెద్దగా కనిపించవచ్చు. కానీ రిస్కు ఒకటి కానప్పుడు ఆ పోలిక సరికాదు.

ఈ ఇరవై ఏళ్లలో పీపీఎఫ్ వడ్డీ ఒకేలా లేదు. 2004 నుంచి 2011 నవంబరు దాకా 8 శాతం. ఆ తర్వాత 8.6, 8.8, 8.7 దాకా వెళ్లి, 2016 నుంచి తగ్గుతూ వచ్చి, 2020 ఏప్రిల్ నుంచి 7.1 దగ్గర ఆగింది. ఏ ఏడాదికి ఆ ఏడాది వడ్డీ వేసి లెక్కిస్తే, 2024 మార్చి 31 నాటికి ఖాతాలో ఉండేది దాదాపు 11,18,600.

నా పాలసీ ఇచ్చింది 9,30,000. తేడా సుమారు 1,88,600. పీపీఎఫ్ ఖాతా గడువు పదిహేను పూర్తి ఆర్థిక సంవత్సరాలు, తర్వాత ఐదేసి ఏళ్ల పొడిగింపు. కాబట్టి పొడిగించిన ఖాతాలో డబ్బంతా చేతికి రావడానికి నేను 2025 మార్చి దాకా ఆగాల్సి వచ్చేది. ఆ చిన్న ఇబ్బంది ఉందని ఒప్పుకోవాలి.

"మరి మధ్యలో పోతే?"

కుర్రవాడు అడిగిన ప్రశ్నే ఇది. బతికుంటే టర్మ్ దారి మేలు, పోతే పొదుపు పాలసీ మేలు అని చాలామంది అనుకుంటారు. లెక్క అలా లేదు.

పదేళ్లు పూర్తయ్యాక, 2014 మార్చి చివర్లో నాకేదైనా జరిగి ఉంటే చూద్దాం. పొదుపు పాలసీ నుంచి మా ఇంటికి 5,00,000, అప్పటిదాకా జమైన బోనస్ సుమారు 2,06,000, మొత్తం 7,06,000 వచ్చేది. రెండో దారిలో టర్మ్ పాలసీ నుంచి అదే 5,00,000, పీపీఎఫ్ ఖాతాలో అప్పటికి ఉన్న సుమారు 3,65,000, మొత్తం 8,65,000 వచ్చేది. మొదటి ఏడాదిలో పోయినా రెండో దారి కొద్దిపాటి ఎక్కువే ఇచ్చేది. ఎందుకంటే బీమా రెండు చోట్లా ఒకటే, పక్కన పెరిగే డబ్బు మాత్రం పీపీఎఫ్‌లో వేగంగా పెరిగింది.

అయితే నేను ఇక్కడ ఒక మాట తేలిగ్గా అనేశాను: "23,000 ఏటా పీపీఎఫ్‌లో వేశానని అనుకుందాం" అని. నిజంగా వేసేవాడినా? పొదుపు పాలసీ ఇరవై ఏళ్లూ కట్టానంటే దానికి కారణం నా క్రమశిక్షణ కాదు. ప్రీమియం ఖాతా నుంచి దానంతట అదే పోయేది, మధ్యలో ఆపితే నష్టమన్న భయం ఉండేది. మిగిలిన డబ్బును వేరేగా దాచలేనివాడికి టర్మ్ దారి కాగితం మీదే లాభం. ఈ ఒక్క విషయంలో పొదుపు పాలసీ చేసిన మేలు నేను తీసిపారేయను. కాకపోతే ఆ మేలు మన స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ కూడా చేస్తుంది, అదీ ఖర్చు లేకుండా.

అతని కాగితాలు

తర్వాత అతని కాగితాలు తీశాం. ప్రీమియం 60,000, ఇరవై ఏళ్లు, బీమా మొత్తం 12 లక్షలు. లాభాల వివరణ పత్రంలో రెండు వరుసలు ఉన్నాయి. 4 శాతం అన్న చోట మెచ్యూరిటీ 14,40,000. 8 శాతం అన్న చోట 21,60,000.

"ఎనిమిది శాతం వస్తుందన్నారు సార్" అన్నాడు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ 4, 8 అనేవి కంపెనీ తన పెట్టుబడుల మీద సంపాదిస్తుందని అనుకున్న రేట్లు. అందులోంచి ఖర్చులు, కమిషన్, బీమా భారం పోయాక మిగిలింది మనకు వస్తుంది. మనకు వచ్చేది ఎంతో ఆ రేట్లు చెప్పవు, వాటి కింద ఉన్న రూపాయలు చెబుతాయి. అదే సూత్రంలో అతని అంకెలు వేయించాను. 8 శాతం వరుసకు రాబడి 5.3 శాతం వచ్చింది. 4 శాతం వరుసకు 1.7 శాతం. రెండింట్లో ఏదీ హామీ కాదు. హామీ ఉన్న మొత్తం ఎంతో ఆ పత్రంలోనే వేరే గడిలో ఉంటుంది, అది తప్పకుండా చూడాలి.

ఇక రెండో దారి. అరవై ఏళ్లు వచ్చేదాకా కోటి రూపాయల టర్మ్ పాలసీకి అతనికి వచ్చిన కొటేషన్ ఏడాదికి 13,000. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు కాబట్టి దాని మీద అదనంగా ఏమీ పడదు. మిగిలేది 47,000. పీపీఎఫ్ వడ్డీ ఇప్పటి 7.1 శాతమే ఉంటుందనుకుంటే ఇరవై ఏళ్లకు 20,86,000 అవుతుంది. ఆ రేటు మారవచ్చు, దానికీ హామీ లేదు.

కాగితం మీద రెండూ పక్కపక్కన రాశాను. ఇరవై ఏళ్ల తర్వాత బతికుంటే ఒక వైపు, అన్నీ బాగుంటే, 21,60,000. ఇంకో వైపు 20,86,000. అంటే పొదుపు పాలసీ మంచి వరుస నిజమైతే అతను 74,000 నష్టపోతాడు. రేపే ఏదైనా జరిగితే ఒక వైపు 12 లక్షలు, ఇంకో వైపు కోటి. అతనికి ఇరవై లక్షల ఇంటి అప్పు ఉంది.

చాలాసేపు ఆ కాగితం వైపే చూశాడు. "బావకి కూడా ఇలా ఎవరైనా రాసిచ్చుంటే" అని ఆగిపోయాడు. బావ కట్టిన 15,000కు ఎంత పొదుపు అయ్యిందో అందరూ చూశారు, ఎంత బీమా ఉందో ఎవరూ చూడలేదు. నాదీ అదే కథ. 2004 నుంచి ఇరవై ఏళ్లపాటు మా ఇంటికి నా విలువ ఐదు లక్షలు. నాకేమీ కాలేదు కాబట్టి ఆ తప్పు బయటపడలేదు, అంతే.

"ఆఫీసులో జీతం ఖాతాకి బీమా ఉందంటారు కదా సార్?" అని కూడా అడిగాడు. ఉంటుంది, మంచిదే. కానీ అలాంటి వాటిలో పెద్ద మొత్తం ఎక్కువగా ప్రమాద మరణానికే. బావ పోయింది గుండెపోటుతో.

టర్మ్ పాలసీ ఎక్కడ చెడుతుంది

టర్మ్ తీసుకోమని చెప్పి వదిలేస్తే సరిపోదు. అది రెండు చోట్ల చెడుతుంది. ఒకటి ప్రపోజల్ ఫారం. అతనికి ఏడాదిగా బీపీ మాత్రలు ఉన్నాయి. "రాస్తే ప్రీమియం పెంచుతారట, వద్దన్నారు" అన్నాడు. రాయమన్నాను. పాలసీ మొదలైన మూడేళ్ల లోపు క్లెయిమ్ వస్తే కంపెనీ పాత వైద్య రికార్డులన్నీ తీసి చూడగలదు. దాచిన జబ్బు దొరికితే కోటి రూపాయల ప్రశ్న ఇంట్లో ఆడవాళ్ల మీద పడుతుంది. పరీక్షలయ్యాక ప్రీమియం 14,300 అయ్యింది. పెరిగిన 1,300, ఆ ప్రశ్న రాకుండా కట్టిన ధర.

రెండోది ప్రీమియం మరచిపోవడం. పొదుపు పాలసీ కొన్నేళ్లు కట్టి ఆపితే ఎంతో కొంత తిరిగి వస్తుంది. టర్మ్‌లో గ్రేస్ పీరియడ్ దాటితే బీమా ఆగిపోతుంది, తిరిగి వచ్చేదీ ఏమీ ఉండదు. అందుకని దానికీ మ్యాండేట్ పెట్టించాం. మిగిలిన 45,700ను నెలకు 3,800గా పీపీఎఫ్‌లోకి, జీతం పడిన మర్నాడు వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చాడు. పీపీఎఫ్‌లో నెల 5వ తేదీ తర్వాత వేసిన డబ్బుకు ఆ నెల వడ్డీ రాదు, అందుకే ఆ తేదీ.

ఇప్పటికే పొదుపు పాలసీ కడుతుంటే

ఇదంతా విని మన మిత్రులెవరైనా తమ పాత పాలసీని రేపే సరెండర్ చేస్తారేమోనని భయం. తొందరపడకండి. 2016లో పన్నెండు ప్రీమియంలు కట్టాక నాకూ ఆ ఆలోచన వచ్చి సరెండర్ విలువ అడిగాను. 3,20,000 అన్నారు. అప్పటికి నేను కట్టింది 2,94,000. ఆ రోజు నేను వేసుకోవాల్సిన లెక్క గతం గురించి కాదు. చేతికి వచ్చే 3,20,000 తీసుకోకుండా అక్కడే వదిలి, ఇంకా ఎనిమిది కిస్తీలు కడితే చివరికి 9,30,000 వస్తుంది. దాని రాబడి ఎంత?

```
=RATE(8,-24500,-320000,930000,1)
```

దాదాపు 9 శాతం. అప్పుడు పీపీఎఫ్ ఇస్తున్నది 8.1. అంటే ఆ దశలో కొనసాగించడమే మేలు. మొదటి ఏళ్లలో కమిషన్, ఖర్చులు మనం ఎలాగూ భరించేశాం. ఆ దెబ్బంతా సరెండర్ విలువలోనే కనబడుతుంది. చివరి ఏళ్లలో ఉండిపోయినవాడికి ఆ నష్టం కొంత తిరిగి వస్తుంది. 2016లో మెచ్యూరిటీ ఎంతో నాకు ఖచ్చితంగా తెలియదు, అప్పటిదాకా ప్రకటించిన బోనస్ రేట్లతో ఊహించుకోవాల్సిందే. అయినా దిశ తెలుస్తుంది. మూడు నాలుగేళ్ల పాలసీకి ఇదే సూత్రం వేరే జవాబు ఇవ్వవచ్చు. కాబట్టి ఎవరి కాగితాలు వాళ్లు తీసి వేసుకోవాల్సిందే. పాతది ఉంచినా, మానుకున్నా, చాలినంత టర్మ్ బీమా చేతికి వచ్చాకే మరో నిర్ణయం తీసుకోవాలి.

మొన్న ఆ కుర్రవాడు తల్లితో కలిసి శాఖకు వచ్చాడు. పాలసీ బాండు ఇంటికి వచ్చిందట. ఆవిడ నన్ను చూసి "మా వాడు ఏటా పద్నాలుగు వేలు కడుతున్నాడంట, ఏమీ రాదంట కదా బాబూ!" అంది.

"అవునమ్మా, రాకూడదనే కడుతున్నాం" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, అల్లుడు గుర్తొచ్చాడో ఏమో, తల ఊపింది.